కీబోర్డు కాళ్లు ఎవరి కోసం?

మీ కీబోర్డును ఒకసారి తిరగేసి చూడండి. వెనక అంచున మడత పెట్టే చిన్న ప్లాస్టిక్ కాళ్లు రెండు ఉంటాయి. కొత్తది కొన్న రోజే చాలామంది వాటిని లేపి నిలబెడతారు, తర్వాత ఏళ్ల తరబడి వాటి జోలికే పోరు. కాళ్లంటూ ఇచ్చారు కాబట్టి లేపాలి కాబోలు అనుకుంటారు. నిజానికి పొద్దస్తమానం టైపు చేసేవాళ్లలో ఎక్కువమందికి అవి ముడిచి ఉండడమే మేలు. ఇంకొంతమందికైతే కీబోర్డు వెనక వైపు కాదు, ముందు వైపు కాస్త ఎత్తుగా ఉండాలి. వినడానికి విడ్డూరంగా ఉన్నా, దీని వెనక పాతికేళ్లకు పైబడిన పరిశోధన ఉంది.

ఈ వాలు మనకు టైపు మిషన్ నుంచి వచ్చింది. మిషన్‌లో మీటలు మెట్ల వరుసలా పైకి పోయేవి, లోపలి కడ్డీల అమరిక అలాంటిది. కంప్యూటర్ కీబోర్డులో ఆ కడ్డీలు లేకపోయినా అలవాటు మిగిలింది. పైగా అక్షరాలు చూసి కొట్టేవాళ్లకు వెనక వరుస కాస్త లేచి ఉంటే బాగా కనిపిస్తుంది. కాళ్ల అసలు ఉపయోగం అదే, కంటి కోసం. చేతికి వాటితో లాభం తక్కువ.

మరి మిషన్ మీద ఏళ్లు గడిపినవాళ్లకు మణికట్లు ఎందుకు పాడవలేదని అడగవచ్చు. కొందరికి పాడయ్యే ఉంటాయి, కానీ తేడా ఒకటుంది. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు, హయ్యరు నేర్చుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది, మణికట్టు బల్లకు ఆనితే మాస్టారు ఊరుకునేవారు కాదు. చేతులు గాలిలో ఉండాలి. పైగా ప్రతి వరుస చివరా క్యారేజీని చేత్తో వెనక్కి తోయాలి, కాగితం మార్చాలి. చేయి ఒకే భంగిమలో ఎక్కువసేపు ఉండేది కాదు. కంప్యూటర్ దగ్గర మనం అరచేతి మొదలును బల్లకు ఆనించేసి వేళ్లను మాత్రం పైకెత్తి కొడతాం. కీబోర్డు వెనక వైపు ఎంత లేస్తే చేయి మణికట్టు దగ్గర అంతగా వెనక్కి వంగుతుంది.

అలా వంగితే ఏమవుతుందో ఇప్పుడే చూసుకోవచ్చు. ఎడమ చేతి వేళ్లను కుడి ముంజేతి పైభాగాన, మోచేతికి కాస్త కిందగా ఆనించండి. కుడి అరచేయి నేల వైపు ఉంచి చేతిని మణికట్టు దగ్గర పైకి వంచండి. వేళ్ల కింద కండ గట్టిపడడం తెలుస్తుంది. చేతిని వెనక్కి వంచి పట్టి ఉంచే కండరాలు అవే. టైపు చేస్తున్నంతసేపూ అవి సగం బిగిసే ఉంటాయి. సాయంత్రానికి మోచేతి కింద లాగేస్తోందని చాలామంది చెప్పేది ఈ చోటు గురించే.

రెండోది ఇంకా ఆసక్తికరం. చేతిని వదులుగా కిందికి వేలాడనిచ్చి, మణికట్టును మెల్లగా వెనక్కి వంచండి. మీరు ముడవకపోయినా వేళ్లు వాటంతటవే కొద్దిగా ముడుచుకుంటాయి. వేళ్లను ముడిచే స్నాయువులు అరచేతి వైపు నుంచి మణికట్టు గుండా వస్తాయి. మణికట్టు వెనక్కి వంగితే అవి బిగుస్తాయి. అలాంటివి తొమ్మిది, వాటితో పాటు మీడియన్ అనే నరం, అన్నీ కలిసి కార్పల్ టనెల్ అనే ఇరుకు సందులోంచి వెళ్తాయి. మణికట్టు వంపు పెరిగేకొద్దీ ఆ సందులో ఒత్తిడి పెరుగుతుంది.

ఇక కోణాల సంగతి. అమెరికాలోని మార్కెట్ యూనివర్సిటీకి చెందిన సిమొనో, మార్క్లిన్ 2001లో అచ్చువేసిన ప్రయోగంలో కీబోర్డు వాలును 15 డిగ్రీల పైకి లేచిన స్థితి నుంచి 15 డిగ్రీలు కిందికి వాలిన స్థితి దాకా మార్చి చూశారు. మణికట్టు వెనక్కి వంగడం సగటున 22 డిగ్రీల నుంచి 9 డిగ్రీలకు తగ్గింది. గమనించాల్సింది ఏమిటంటే కీబోర్డు 30 డిగ్రీలు తిరిగితే మణికట్టు 13 డిగ్రీలే తిరిగింది, అంటే సగం కన్నా తక్కువ. మిగతాది వేళ్లూ మోచేయీ భుజమూ సర్దుకున్నాయి. కాబట్టి కాళ్లు ముడిచిన మాత్రాన అద్భుతం జరిగిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. మామూలు కీబోర్డు లోతు 14 సెంటీమీటర్లు, కాళ్ల ఎత్తు 1 సెంటీమీటరు అనుకుంటే అవి కలిపే వాలు దాదాపు 4 డిగ్రీలు. మణికట్టుకు దక్కేది ఒకటి రెండు డిగ్రీలు. అయితే పైసా ఖర్చు లేదు, రోజంతా పనిచేస్తుంది.

ముందు వైపు ఎత్తి, వెనక వైపు దించడాన్ని నెగెటివ్ టిల్ట్ అంటారు. దీన్ని ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు కార్నెల్ యూనివర్సిటీలో ఆచార్యుడిగా పనిచేసిన అలన్ హెడ్జ్. ఆయన 1995లో పవర్స్‌తో కలిసి చేసిన అధ్యయనంలో మామూలు కీబోర్డు మీద మణికట్టు సగటున 13 డిగ్రీలు వెనక్కి వంగితే, కిందికి వాలే ట్రే మీద దాదాపు తిన్నగా నిలిచింది. ఇక్కడ ‘ట్రే’ అన్న మాట దగ్గర ఆగాలి. హెడ్జ్ కీబోర్డును బల్ల మీద పెట్టి ముందు భాగం ఎత్తలేదు. బల్ల కింద, ఒడికి కాస్త పైన ఉండే ట్రేలో పెట్టి వాల్చారు. ఈ తేడా మరిచిపోయి వీడియోలు చూసి కీబోర్డు ముందు వైపు రెండు రబ్బర్లు పెట్టేసి, ఇంకా నొప్పి ఎక్కువైందనేవాళ్లు ఉన్నారు.

ఎందుకలా అవుతుందో ఒక లెక్క వేసి చూద్దాం. డీటీపీ సెంటర్లో పనిచేసే ఒకామె ఎత్తు 157 సెంటీమీటర్లు, అంటే అయిదడుగుల రెండంగుళాలు అనుకుందాం. బల్ల ఎత్తు మనకు మామూలే, 30 అంగుళాలు, అంటే 76 సెంటీమీటర్లు. దాని మీద కీబోర్డు మధ్య వరుస మరో 3 సెంటీమీటర్ల పైన, మొత్తం 79. కుర్చీ సీటు 43 సెంటీమీటర్లు. కూర్చున్నాక చేయి వదులుగా వేలాడేస్తే మోచేయి సీటుకు సుమారు 22 సెంటీమీటర్ల పైన ఉంటుంది, అంటే నేల నుంచి 65. మీటలేమో మోచేతికి 14 సెంటీమీటర్ల పైన! ముంజేయి పైకి వాలి ఉంటుంది, భుజాలు చెవుల వైపు లేస్తాయి. ఈ స్థితిలో కీబోర్డును కిందికి వాలిస్తే మణికట్టు ఎదురు దిక్కుకు, అరచేతి వైపుకు ముడుచుకుపోతుంది. కాళ్లు లేపి ఉంచితేనే ఆమెకు హాయి, ఎందుకంటే పైకి లేచిన ముంజేతికి పైకి లేచిన కీబోర్డే జోడు. ‘నాకు కాళ్లు లేపితేనే బాగుంటుందండీ’ అని ఆమె అంటే అది భ్రమ కాదు. ఆమె కాళ్లు లేపింది బల్ల ఎత్తును సర్దుకోవడానికి.

అందుకే మొదట దిద్దాల్సింది ఎత్తునే. కుర్చీని 12 సెంటీమీటర్లు లేపి, పాదాల కింద అంతే ఎత్తు పీట వేస్తే మోచేయి 77కు చేరుతుంది, ముంజేయి దాదాపు సమతలంగా వస్తుంది. ఇప్పుడు కాళ్లు ముడవాలి, లేకపోతే వాటి వాలంతా మణికట్టు మీద పడుతుంది. నెగెటివ్ టిల్ట్ ఇంకా వద్దు. అది కావాలంటే మోచేతికి కింద చోటుండాలి. పాత కంప్యూటర్ టేబుళ్లకు ఉండే లాగుడు పలక ఇందుకు పనికొస్తుంది. అది నేలకు 66 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే మధ్య వరుస 69కి వస్తుంది. సీటు 48కి పెడితే మోచేయి 70. ఇప్పుడు ముందు అంచు కింద 2 సెంటీమీటర్ల మందం రబ్బరు ముక్కలు రెండు పెట్టండి. అవి 8 డిగ్రీలు కిందికి వాలుస్తాయి. కీబోర్డులోనే పుట్టుకతో 4 డిగ్రీల వాలు ఉంటే, చివరికి మిగిలేది 4 డిగ్రీల నెగెటివ్. మధ్య వరుస కూడా దాదాపు 1 సెంటీమీటరు లేచి మోచేతి మట్టానికి వస్తుంది. మొదలుపెట్టడానికి ఇది చాలు. పలకకూ తొడలకూ మధ్య ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోవాలి, లేకపోతే ఒకవైపుకు తిరిగి కూర్చోవడం మొదలవుతుంది, ఇంకో బాధ. వెనకాల జారకుండా కింద రబ్బరు మ్యాట్ కావాలి. కీబోర్డు వెనక్కి జారుకుంటూ పోతుంటే వేళ్లు దాన్ని పట్టుకోవడానికే సగం శ్రమ పడతాయి.

ఈ తిప్పలు లేకుండా అమర్చి అమ్మేవి కూడా ఉన్నాయి. లాజిటెక్ ఎర్గో కె860కి కాళ్లు వెనక కాదు, చేతులు ఆనే ముందు భాగంలోనే ఉంటాయి, సున్నా, మైనస్ 4, మైనస్ 7 డిగ్రీల్లో ఒకటి ఎంచుకోవచ్చు. కానీ మోచేతికి పైనున్న బల్ల మీద ఎంత ఖరీదైన కీబోర్డు పెట్టినా లెక్క మారదు. చూసి కొట్టేవాళ్లకు నెగెటివ్ టిల్ట్ చిరాకు తెప్పిస్తుంది, వెనక వరుస అంకెలు కనపడక మెడ వంచుతారు. మణికట్టుకు మేలు చేయబోయి మెడకు తెచ్చుకోవడం తెలివైన బేరం కాదు. పైకి ఎత్తే స్టాండ్ మీద లాప్‌టాప్ పెట్టి దాని మీటలే కొట్టడం ఇంకా తప్పు. తెర కళ్ల ఎత్తుకు వస్తుంది కానీ మీటలు కొండెక్కుతాయి. స్టాండ్ పెడితే వేరే కీబోర్డు తప్పనిసరి.

మీ సంగతి తెలుసుకోవాలంటే పక్కవాళ్ల చేతికి ఫోనిచ్చి, కీబోర్డు ఎత్తులో పక్క నుంచి ఒక నిమిషం వీడియో తీయమనండి. వీడియో తీస్తున్నారని నటించకుండా నిజంగా పని చేయండి, అంకెల వరుస వాడే పేరా ఒకటి ఎంచుకోండి. తర్వాత ఒక చోట ఆపి, మోచేతి నుంచి మణికట్టు దాకా ఒక గీత, మణికట్టు నుంచి చేతి వెనక మెటిక దాకా ఇంకో గీత ఊహించుకోండి. రెండూ దాదాపు ఒకే వరుసలో ఉంటే బాగున్నట్టే. చేతి గీత స్పష్టంగా పైకి విరిగి కనిపిస్తే ఎక్కువైనట్టు. కాళ్లు లేపి ఒకసారి, ముడిచి ఒకసారి తీస్తే మీ బల్ల దగ్గర ఏది పనిచేస్తుందో మీకే కనపడుతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆశ పెంచుకోకండి. కీబోర్డు వల్లే కార్పల్ టనెల్ సిండ్రోమ్ వస్తుందని చాలామంది నమ్ముతారు కానీ, 2003లో అచ్చయిన డెన్మార్క్ అధ్యయనంలో కీబోర్డు వాడకానికి ఆ జబ్బుతో సంబంధం కనపడలేదు. మౌస్‌ను వారానికి 20 గంటలకు పైగా వాడేవాళ్లలో మాత్రం లక్షణాలు కాస్త ఎక్కువగా కనిపించాయి. వాలు మార్చడం వల్ల ప్రధానంగా తగ్గేది ముంజేతి అలసట. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రి నిద్ర లేపుతుంటే, చేతిలోంచి వస్తువులు జారిపోతుంటే కీబోర్డు కింద రబ్బర్లు మారుస్తూ కూర్చోకుండా వైద్యుణ్ణి కలవాలి. తిమ్మిరి చిటికెన వేలి వైపు ఉంటే అది వేరే నరం. అప్పుడు చూడాల్సింది మీ మోచేయి కుర్చీ చేతి మీద ఎలా ఆనుతోందో.