మొలకలు: ఫోటోలో కనిపించేవి, కనిపించనివి

ముసురు రోజుల్లో జైనూర్ వంటి చోట గుడ్డలో మూటగట్టిన పెసర్లు, శనగలు తొందరగా జిగురెక్కుతాయి. ఇప్పుడు చాలామంది వాటి ఫోటో సెల్‌ఫోన్‌లో పంపి, "ఇవి తినవచ్చా?" అని అడుగుతున్నారు. ఫోటో కొంతవరకే చెబుతుంది.

మంచి పెసర మొలక తెల్లగా, బిరుసుగా ఉంటుంది. గింజలు విడివిడిగా ఉంటాయి. చెడినవి గోధుమ రంగుకు తిరిగి, మెత్తబడి, ఒకదానికొకటి అతుక్కొని ఉంటాయి. గిన్నె అడుగున మబ్బు నీరు చేరుతుంది.

రెండు చోట్ల ఫోటో మోసం చేస్తుంది. మొదటిది మెరుపు. కడిగిన తడి, జిగురు రెండూ ఫ్లాష్ వెలుగులో ఒకేలా మెరుస్తాయి. అందుచేత మొలకలను పొడిగుడ్డపై పరచి, పగటి వెలుగులో, దగ్గరగా ఫోటో తీయాలి. రెండవది తెల్లని నూగు. వేరు చుట్టూ మాత్రమే సన్నగా ఉండి, నీళ్ళు పోయగానే అణగిపోతే అది వేరు నూగు, భయం లేదు. గింజల మీద కూడా దూదిలా అల్లుకొని, ముక్కవాసన వేస్తే అది బూజు.

ఉదాహరణకు, ఒక ఫోటోలో శనగలు మెరుస్తూ, మొలకల కొనలు గోధుమ రంగులో ఉన్నాయనుకోండి. ఫోటోతో తేల్చకుండా నాలుగు గింజలను వేళ్ళతో నలిపి చూడాలి. తీగలా సాగినా, పులిసిన వాసన వచ్చినా మొత్తం పారవేయాలి. కడిగితే జిగురు పోతుంది గాని చెడు పోదు.

అసలు ప్రమాదం మరొకటి ఉంది. సాల్మొనెల్లా, ఈ.కోలై క్రిములు ఉన్న మొలకలు చూపుకు, వాసనకు తాజాగానే ఉండవచ్చు. క్రిములు గింజ పగుళ్ళలో దాగి ఉంటాయి. మొలకెత్తించే వెచ్చని తేమే వాటినీ పెంచుతుంది. పైపైన కడిగితే పోవు. 2011లో జర్మనీలో పచ్చి మెంతి మొలకల వల్ల వచ్చిన ఈ.కోలై వ్యాధితో 50 మందికి పైగా మరణించారు. చాలామందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి.

కాబట్టి మొలకలను పచ్చిగా కాక, గుడాలుగా ఉడికించి తినడం మేలు. పెసర మొలకలు నీళ్ళు తెర్లిన తరువాత పది నిమిషాలు ఉడకాలి. శనగలను మెత్తబడే వరకు ఉడికించాలి. ఉడికిస్తే విటమిన్ సి కొంత తగ్గుతుంది, మాంసకృత్తులు మాత్రం పోవు. గర్భిణులు, చిన్నపిల్లలు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు పచ్చి మొలకలు అసలే తినరాదు.

తిన్న తరువాత విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. నీరు తాగిస్తూ ఉండాలి. విరేచనంలో రక్తం పడినా, మూత్రం తగ్గినా, జ్వరం ఎక్కువైనా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురావాలి.