కివీ కొనాలా, జామ కొనాలా?

ఇంట్లో ఎవరికైనా డెంగీ అనగానే కివీ పండ్ల కోసం పరుగెడుతున్నాం. అవి ప్లేట్‌లెట్లు పెంచుతాయనడానికి గట్టి ఆధారం లేదు. విటమిన్ సి మాత్రం బాగానే ఉంటుంది, 100 గ్రాములకు దాదాపు 90 మిల్లీగ్రాములు. అంతే బరువున్న జామపండులో 200 దాటుతుంది. ఒక కివీ ధరకు మన సంతలో అరకిలో జామకాయలు వస్తున్నప్పుడు, విటమిన్ కోసమే కివీ కొనడం నా దృష్టిలో దండగే.

అయితే జామను తినే తీరు ముఖ్యం. విటమిన్ సి తొక్కలోనూ, దాని కింది కండలోనూ ఎక్కువ. అందుకే చెక్కు తీయకుండా, బాగా కడిగి తినాలి. కోసి గంటల తరబడి ఉంచితే ఆ విటమిన్ తగ్గిపోతుంది. బండి మీద ముందే కోసి పెట్టిన ముక్కల కన్నా కాయగా కొనుక్కోవడం మేలు.

బ్లూబెర్రీకి ఆ రంగునిచ్చే ఆంథోసయనిన్లు మన నేరేడులోనూ ఉన్నాయి, కాకపోతే వానల మొదట్లో కొద్ది వారాలే దొరుకుతాయి.

అవకాడో సంగతి వేరు. 100 గ్రాములకు సుమారు 15 గ్రాముల కొవ్వు, చాలా తక్కువ చక్కెర ఉన్న పండు మన దగ్గర మరొకటి లేదు. రుచి నచ్చితే కొనండి. ఆ కొవ్వులో ఎక్కువ భాగమైన ఒలీక్ ఆమ్లం కోసమే అయితే, గుప్పెడు వేరుశనగలు చాలు.