పిల్లి చెవిలో కాఫీ పొడి

పోయిన వానాకాలం మా మెట్ల కింద చేరిన పిల్లికూన అస్తమానం తల విదిలిస్తూ, వెనక కాలితో చెవులు గోక్కుంటూ ఉండేది. చెవి వెనక్కి మడిచి చూస్తే లోపల ఫిల్టర్లో మిగిలిన కాఫీ పొడిలాంటిది నల్లగా కనిపించింది. మట్టి అనుకుని ఇయర్‌బడ్ తీసి తిప్పబోయాను. కూన చేతిని రక్కి పారిపోయింది. అదే మంచిదైందని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లాక తెలిసింది.

ఆయన చిటికెడు నల్లపొడిని గాజుపలక మీద నూనె చుక్కలో కలిపి మైక్రోస్కోపులో చూపించారు. ఎనిమిది కాళ్ల పురుగులు! ఒక్కోటి అర మిల్లీమీటరుకు మించదు. వీటిని చెవి మైట్స్ అంటారు. ఇవి చెవిలో చేరితే చర్మం రేగి గులిమి ఎక్కువగా ఊరుతుంది. అందులో ఎండిన రక్తం, పురుగుల మలం కలిసి ఇలా నల్లబడుతుంది. అదే పనిగా తల విదిలిస్తే చెవి డొప్పలో రక్తనాళం చిట్లి, డొప్ప పూరీలా ఉబ్బిపోవచ్చు కూడా.

అయితే నల్లగా ఉన్నదల్లా మైట్స్ కాదు. గోధుమరంగులో జిడ్డుగా ఉంటే ఈస్ట్ కావచ్చు. చీము కారుతూ దుర్వాసన వస్తుంటే బ్యాక్టీరియా కావచ్చు. దేని మందు దానిదే. అందుకే మొదటిసారి శుభ్రం చేయకుండానే డాక్టరుకు చూపించాలి. ముందే తుడిచేస్తే పరీక్షకు పొడి మిగలదు.

పిల్లి చెవి గొట్టం కిందికి దిగి, లోపలికి మలుపు తిరుగుతుంది. ఇయర్‌బడ్ పెడితే మురికి ఆ మలుపులోకి కూరుకుపోతుంది. కర్ణభేరికి చిల్లు ఉంటే కొన్ని చుక్కల మందులు వినికిడినే పాడుచేస్తాయి. కాబట్టి డాక్టరు ముందు దాన్ని చూస్తారు. పిల్లి తల ఒక పక్కకే వాల్చినా, తూలుతూ నడిచినా ఆ రోజే తీసుకెళ్లాలి.

డాక్టరు సరేనన్నాక శుభ్రం చేయడం తేలికే. పిల్లిని తువ్వాలులో చుట్టి, చెవి డొప్పను పైకి పట్టుకుని, ఆయన ఇచ్చిన ద్రావణం పోయాలి. చెవి మొదట్లో అర నిమిషం మెల్లగా నొక్కితే బుడబుడమని చప్పుడవుతుంది. తర్వాత వదిలేస్తే అదే తల విదిలిస్తుంది. పైకి వచ్చిన మురికిని దూదితో, వేలు అందినంత మేరకే తుడవాలి. వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్, వంటింటి నూనెలు వద్దు. కుక్కల కోసం అమ్మే పెర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకం.

గుడ్డు పెద్ద పురుగు కావడానికి సుమారు 3 వారాలు పడుతుంది. 4 రోజులకు దురద తగ్గిందని చుక్కలు ఆపితే, మిగిలిన గుడ్లు పొదిగి కథ మళ్లీ మొదటికొస్తుంది. మా కూనకు మెడ వెనక పోసే సెలామెక్టిన్ మందు వేశారు. ‘ఇంట్లో ఇంకేమైనా ఉన్నాయా?’ అని అడిగి, మా పాత పిల్లినీ తెమ్మన్నారు. అది ఒక్కసారీ గోక్కోలేదు. దాని చెవిలోనూ అవే పురుగులు!