కార్డు కొనే ముందు ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చదవండి

మా మేనల్లుడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి, ఏదో ఆఫీసు వదిలించుకున్న కంప్యూటర్ ఒకటి కొనుక్కొచ్చాడు. డెల్ ఆప్టిప్లెక్స్ 9020, మినీ టవర్. లోపల నాలుగో తరం ఐ5-4590 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు. వాడికి వీడియో ఎడిటింగ్ పని ఉంది, ఆటల మోజూ ఉంది. అందుకని ఆర్‌టీఎక్స్ 3060 సెకండ్ హ్యాండ్ కార్డు ఒకటి మాట్లాడి పెట్టుకున్నాడు. అడ్వాన్సు ఇవ్వబోతూ నాకు ఫోన్ చేశాడు.

"మామయ్యా, స్లాట్ ఉంది కదా, పెడితే పని చేస్తుందిగా?"

"డబ్బులివ్వకు. ముందు పక్క తలుపు తీసి, ఎస్‌ఎంపీఎస్ మీద అతికించిన కాగితం ఫోటో పంపు" అన్నాను.

స్లాట్ ఉంది కాబట్టి కార్డు పడుతుందని చాలామంది అనుకుంటారు. కార్డు కూర్చోవడం వేరు, నడవడం వేరు. ఆఫీసు కంప్యూటర్‌ను తయారుచేసేవాళ్లు లెక్కలు, ఉత్తరాలు, బ్రౌజర్ నడిస్తే చాలన్న అంచనాతో తయారుచేస్తారు. కరెంటు కూడా ఆ పనికి సరిపడా కొలిచి పెడతారు. మేనల్లుడు పంపిన ఫోటోలో 290 వాట్లు అని ఉంది. గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే ఆరు పిన్నుల వైరు గానీ, ఎనిమిది పిన్నుల వైరు గానీ ఆ డబ్బాలోంచి బయటికి రాలేదు.

లెక్క వేసి చూద్దాం. ఐ5-4590కి ఇంటెల్ చెప్పిన పరిమితి 84 వాట్లు. మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కు, ఫ్యాన్లకు కలిపి ఇంకో 40 వేసుకోవచ్చు. కార్డు లేకుండానే సుమారు 125 అయింది. ఆర్‌టీఎక్స్ 3060 ఒక్కటే 170 వాట్లు లాగుతుంది. మొత్తం 295. డబ్బా మీద రాసినదాన్ని దాటిపోయింది. పదేళ్లు రోజూ నడిచిన ఎస్‌ఎంపీఎస్‌ను కాగితం మీది అంకె దాకా కూడా నెట్టకూడదు. పైగా ఆ 290లో 12 వోల్టుల లైను మీద వచ్చేదే కార్డుకూ ప్రాసెసర్‌కూ ముఖ్యం. లేబుల్ మీద 12వీ అని ఉన్నచోట ఎన్ని ఆంపియర్లో చూసి 12తో గుణిస్తే అసలు చేతికొచ్చేది ఎంతో తెలుస్తుంది.

ఇక్కడే కొట్లో ఒక చిన్న వైరు చేతిలో పెడతారు. ఒక కొసన హార్డ్ డిస్కుకు పెట్టే సాటా పవర్ ప్లగ్, రెండో కొసన కార్డుకు పెట్టే ప్లగ్. "పిన్ను లేకపోతే ఏముంది సార్, కన్వర్టర్ వేసుకోండి" అంటారు. దీని గురించి నేను గట్టిగానే చెబుతాను, వద్దు. సాటా ప్లగ్‌లో 12 వోల్టులకు మూడు సన్న పిన్నులు ఉంటాయి. ఒక్కోదానికి ఒకటిన్నర ఆంపియర్ పరిమితి. అన్నీ కలిపితే నాలుగున్నర ఆంపియర్లు, అంటే 54 వాట్లు. కార్డు వైపున్న ఆరు పిన్నుల ప్లగ్ 75 వాట్లు అడగొచ్చు, ఎనిమిది పిన్నులది 150 దాకా అడగొచ్చు. పరిమితి దాటిన కరెంటు వల్ల ఆ సన్న పిన్నులు వేడెక్కుతాయి. ముందు ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది, తర్వాత కాలిన వాసన వస్తుంది. కొన్ని ఆఫీసు మోడళ్లలో డిస్కు కరెంటు ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా రాదు, మదర్‌బోర్డు గుండా వస్తుంది. అలాంటి వాటిలో కన్వర్టర్ పెడితే బోర్డే పోవచ్చు.

మరి ఎస్‌ఎంపీఎస్‌నే మార్చేస్తే? 9020 మినీ టవర్‌లో మార్చొచ్చు. కానీ అందులో ఒక మెలిక ఉంది. మామూలు ఎస్‌ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకు 24 పిన్నుల ప్లగ్ వస్తుంది. డెల్ ఈ తరంలో తన సొంత ఎనిమిది పిన్నుల ప్లగ్ పెట్టింది. చూడటానికి మామూలు ఎనిమిది పిన్నుల ప్లగ్‌లా ఉన్నా వైర్ల వరస వేరు. కాబట్టి ఆ మోడల్ కోసమే చేసిన 24 నుంచి ఎనిమిది పిన్నుల కేబుల్ కొనాలి. హెచ్‌పీ, లెనోవో ఆఫీసు మోడళ్ల ప్లగ్గులు మళ్లీ వేరు, ఒకరి కేబుల్ ఇంకొకరికి పనికిరాదు. అదే అంతకుముందు తరం ఆప్టిప్లెక్స్ 7010 మినీ టవర్‌లో మామూలు 24 పిన్నులే ఉండేవి. ఒకే కంపెనీ, ఒక్క తరం తేడా. మోడల్ నంబరు చూడకుండా సలహా ఇచ్చేవాళ్ల మాట వినకూడదనేది ఇందుకే.

మేనల్లుడి ముందు రెండు దారులున్నాయి. మంచి ఎస్‌ఎంపీఎస్, కేబుల్, పెద్ద కార్డు కొనడం ఒకటి. స్లాట్ నుంచే కరెంటు తీసుకునే కార్డు కొనడం రెండోది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ నిబంధన ప్రకారం గ్రాఫిక్స్ కార్డుకు స్లాట్ ఇవ్వగలిగేది గరిష్ఠంగా 75 వాట్లు. ఆ హద్దులో ఉండే కార్డుకు వేరే వైరే అక్కర్లేదు. 125కి ఇంకో 75 కలిపితే 200, కాబట్టి 290 వాట్ల డబ్బాకు ఊపిరాడుతుంది. అయితే సన్నటి క్యాబినెట్ ఉన్న చిన్న మోడళ్లలో కొన్ని స్లాట్లు 75 కూడా ఇవ్వవు. ఆ సంగతి కంపెనీ మాన్యువల్లో రాసి ఉంటుంది, చూసుకోవాలి.

నేను రెండో దారే చెప్పాను. కారణం ప్రాసెసర్, దాని సంగతి చివర్లో వస్తుంది.

ఈ 75 వాట్ల లోపు కార్డుల్లోనూ తేడాలున్నాయి. జీటీఎక్స్ 1050 టీఐ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుంది. కానీ అది 2016 నాటిది, ఆ తరం కార్డులకు కొత్త ఆటల డ్రైవర్లు ఇవ్వడం ఎన్విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది. ఏఎండీ ఆర్‌ఎక్స్ 6400 తీసుకునేది 53 వాట్లే కాబట్టి మొదట అదే నచ్చుతుంది. అయితే అది స్లాట్‌లోని పదహారు దారుల్లో నాలుగే వాడుకుంటుంది. కొత్త బోర్డులో ఆ నాలుగూ వేగంగా నడుస్తాయి. 9020లో ఉన్నది పాత 3.0 స్లాట్ కాబట్టి వేగం సగానికి పడిపోతుంది. కార్డులోని 4 జీబీ నిండిన క్షణం నుంచి మిగతా సరుకంతా ఆ ఇరుకు సందులోంచే రావాలి, బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది. వీడియోను ఎన్‌కోడ్ చేసే భాగం కూడా అందులో లేదు. ఎడిటింగ్ చేసేవాడికి అదొక్కటే చాలు వద్దనడానికి. ఇంటెల్ ఆర్క్ ఏ380 బాగా నడవాలంటే రీసైజబుల్ బార్ అనే సౌకర్యం బయోస్‌లో ఉండాలి, 9020కి అది లేదు. మిగిలింది 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీది. 70 వాట్లు, ఎనిమిది దారులు, ఎన్‌కోడర్ ఉంది. అదే పేరుతో 8 జీబీ కార్డు కూడా ఉంది గానీ దానికి వేరే వైరు కావాలి. పెట్టె మీద 6 జీబీ అని చదివి, కార్డు అంచున ప్లగ్ లేదని కళ్లతో చూసి కొనమన్నాను.

కొనే ముందు టేపు పెట్టి కొలిపించాను. వెనక రేకు దగ్గర నుంచి డిస్కు పెట్టే గూడు దాకా ఎంత దూరముందో చూసుకోవాలి, సాటా వైర్లు ఎక్కడ పైకి లేస్తున్నాయో కూడా చూడాలి. ఒక ఫ్యాన్ ఉన్న పొట్టి కార్డుకు ఇబ్బంది రాలేదు. అదే మోడల్ సన్న క్యాబినెట్ అయితే సగం ఎత్తు కార్డు కోసం విడిగా వెతకాల్సి వచ్చేది.

కార్డు వచ్చాక వాడు మొదట తప్పు స్లాట్‌లో పెట్టాడు. 9020 మినీ టవర్‌లో పొడుగు స్లాట్లు రెండుంటాయి, చూడటానికి రెండూ ఒకటే. ఒకదానికి నిజంగా పదహారు దారులున్నాయి. రెండోదాని లోపల ఉన్నవి నాలుగే, అవీ ఇంకా పాత 2.0 వేగంవి. స్లాట్ మార్చాక మానిటర్ కేబుల్ దగ్గర ఆగాడు. వాడి దగ్గరున్నది వీజీఏ మానిటర్, కొత్త కార్డుకు ఆ రంధ్రమే లేదు. అందుకని వైరు తీసుకెళ్లి మదర్‌బోర్డు వెనకున్న వీజీఏకే పెట్టి, తెర నల్లగా ఉందని కార్డును అనుమానించాడు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే అడాప్టర్ తెచ్చి కార్డుకు పెడితే బొమ్మ వచ్చింది. అడాప్టర్‌తో కూడా రాకపోయి ఉంటే బయోస్‌ను తాజా వెర్షన్‌కు మార్చి చూడమనేవాణ్ని. ఇంతకంటే పాత, యూఈఎఫ్ఐ సరిగా లేని బోర్డుల్లో కొత్త కార్డు అసలు తెర వెలిగించకపోవడం ఉంది.

ర్యామ్ విషయంలో 8 జీబీకి ఇంకో 8 కలపమన్నాను. బోర్డు మీద నాలుగు గళ్లున్నాయి, రెండు 4 జీబీ ముక్కలు ఉన్నాయి, అలాంటివే ఇంకో రెండు కావాలి. ఇది డీడీఆర్3. తర్వాత కొనే ఏ కంప్యూటర్‌కూ పనికిరాదు కాబట్టి కొత్తవి కొనడం దండగ, వాడినవి చాలు. సర్వర్లలోంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్ చాలా చవగ్గా అమ్ముతుంటారు, గడిలో చక్కగా కూర్చుంటుంది కూడా. కానీ ఈ బోర్డు దాన్ని గుర్తించదు. ఎస్‌ఎస్‌డీ మాత్రం కొత్తదే కొనిపించాను. సాటా ఎస్‌ఎస్‌డీ రేపు ఏ కంప్యూటర్‌లోకైనా వెళ్తుంది. పాత హార్డ్ డిస్కు వీడియో ఫైళ్లు దాచుకోవడానికి అందులోనే ఉండిపోయింది. నా కొలత ఎప్పుడూ ఇదే, తర్వాతి బోర్డులోకి వెంట వచ్చే భాగానికి కొత్తది కొంటాను, ఈ బోర్డుతోపాటే పోయేదానికి వాడినది వెతుకుతాను.

అన్నీ పెట్టాక ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ప్రాసెసర్‌ను పరీక్షించాం. పద్ధతి తేలిక. ఆటను 1080 రిజల్యూషన్‌లో నడిపి సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో చూడాలి. తర్వాత 720కి తగ్గించాలి. తగ్గిస్తే కార్డు పని తేలికవుతుంది, ప్రాసెసర్ పని మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. ఫ్రేములు పెరిగితే అడ్డం పడుతున్నది కార్డు, పెరగకపోతే ప్రాసెసర్. పాత ఆటలో అంకె బాగా పెరిగింది. జనం, వాహనాలు కిక్కిరిసిన కొత్త ఆటలో దాదాపు కదల్లేదు. టాస్క్ మేనేజర్ తెరిస్తే నాలుగు కోర్లూ నిండుగా ఉన్నాయి, కార్డు సగం ఖాళీగా ఉంది.

"అంటే ఆ 3060 కొనుంటే...?" అన్నాడు.

"ఈ ఆటలో ఇదే అంకె వచ్చేది. ఇంకా సగం ఖాళీగా కూర్చునేది."

ఇదే సాకెట్‌లో ఐ7-4790 పడుతుంది. కోర్లు నాలుగే అయినా ఒకేసారి ఎనిమిది పనులు పంచుకుంటుంది, కరెంటు పరిమితి అదే 84 వాట్లు. వీడియో రెండరింగ్‌లో ఆ తేడా తెలుస్తుంది, ఆటల్లో కొంత. ఈ బోర్డుకు దాదాపు అదే ఆఖరి మెట్టు. నాలుగో తరం ప్రాసెసర్లు విండోస్ 11 జాబితాలో లేవు, విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందుకని ఐ7 వాడినది మరీ చవగ్గా దొరికితే తప్ప వద్దనుకున్నాం. వాడు ఆ డబ్బు కొత్త బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ కోసం పక్కన పెట్టాడు. ఆ రోజు వచ్చినప్పుడు ఈ క్యాబినెట్‌లోంచి కార్డును, ఎస్‌ఎస్‌డీని తీసి అందులో పెట్టుకుంటాడు.