లాభం తొమ్మిది లక్షలు, బ్యాంకులో ఒక్క లక్ష

ఏమ్మా బీకామ్ పిల్లలూ, క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ అంటే ఎందుకంత బెదురు? "తాతా, ఏది కూడాలో ఏది తీసేయాలో బట్టీ పట్టినా పరీక్షలో తారుమారు అవుతోంది" అంటున్నారు. బట్టీ పడితే తారుమారే అవుతుంది మరి. ఎందుకు కూడతామో తెలిస్తే బట్టీతో పనే లేదు. మన బేతంచెర్లలో నాపరాయి బండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఒకటి ఉందనుకుందాం. పేరు వద్దు, అంకెలు కూడా నేను కల్పించినవే. కానీ అందులోని చిక్కు మాత్రం ఊళ్లో ఏ యజమానిని అడిగినా చెప్తాడు. ఏడాది చివర ఆడిటర్ లాభం 9 లక్షలు అంటాడు. యజమాని పాస్‌బుక్కు తెరిస్తే లక్ష రూపాయలు కనబడతాయి. "ఆ తొమ్మిది ఎక్కడికి పోయిందయ్యా?" అని అడుగుతాడు. దానికి జవాబే ఈ స్టేట్‌మెంట్.

ముందు రెండు ఏళ్ల ఆస్తి అప్పుల పట్టీ చూడండి. అంకెలన్నీ లక్షల్లో.

| | 31-3-2024 | 31-3-2025 |
|---|---|---|
| యంత్రాలు (తరుగుదల పోను) | 20 | 24 |
| బండల సరుకు | 6 | 9 |
| రావలసిన బాకీలు | 8 | 14 |
| నగదు, బ్యాంకు | 4 | 1 |
| మొత్తం ఆస్తులు | 38 | 48 |
| మూలధనం | 22 | 28 |
| బ్యాంకు లోను | 10 | 13 |
| ఇవ్వవలసిన బాకీలు | 6 | 7 |
| మొత్తం | 38 | 48 |

పట్టీలో కనబడని సంగతులు ఇంకొన్ని ఉన్నాయి. ఏడాది లాభం 9 లక్షలు. అందులో తరుగుదల 3, లోను వడ్డీ 1 అప్పటికే ఖర్చు రాసేశారు. పాత కటింగ్ మిషన్ ఒకటి పుస్తకాల్లో 1 లక్ష ఉంటే లక్షన్నరకు అమ్మారు. ఆ అర లక్ష లాభం కూడా ఈ 9లోనే కలిసి ఉంది. బ్యాంకు కొత్తగా 5 లక్షలు ఇచ్చింది, పాత వాయిదాలు 2 లక్షలు కట్టారు. యజమాని ఇంటి ఖర్చులకు 3 లక్షలు సొంతవాడకం తీసుకున్నాడు. 22కు 9 కలిపి 3 తీస్తే 28, మూలధనం లెక్క సరిపోయింది.

ఇప్పుడు అసలు సూత్రం. ఆస్తులన్నీ కలిపితే అప్పులూ మూలధనమూ కలిపినంత అవుతాయి, ఇది ఇంటర్ మొదటి ఏడాది నుంచి మీకు తెలిసిందే. ఆస్తుల్లోంచి నగదును ఒక్కదాన్నే పక్కకు తీయండి. అప్పుడు నగదు అంటే అప్పులూ మూలధనమూ కలిపి, అందులోంచి నగదు కాని ఆస్తుల్ని తీసేసినంత. అందుకని అప్పు గానీ మూలధనం గానీ పెరిగితే నగదు పెరగాలి. నగదు కాని ఆస్తి పెరిగితే నగదు తగ్గాలి. కూడికలు, తీసివేతలు అన్నీ ఈ ఒక్క మాటలోంచి వచ్చినవే. బాకీలు 8 నుంచి 14కు పెరిగితే 6 తీసేస్తాం. ఎందుకు? బండల లోడు బెంగళూరుకో హైదరాబాదుకో పోయింది, బిల్లు రాయగానే అమ్మకం లాభంలోకి ఎక్కింది, కానీ డబ్బు ఇంకా కొన్నవాడి దగ్గరే ఉంది. సరుకు 3 పెరిగిందంటే, ఆ 3 లక్షలు యార్డులో బండలై నిలబడి ఉన్నాయి. ఇవ్వవలసినవి 1 పెరిగిందంటే గనివాళ్లకో డీజిల్ బంకుకో మనం ఇంకా ఇవ్వలేదు, ఆ లక్ష మన దగ్గరే ఉంది, కాబట్టి కూడాలి.

ఇంతవరకూ చాలామంది బాగానే వస్తారు. తడబడేది యంత్రాల దగ్గర. 20 నుంచి 24కు వచ్చింది కాబట్టి 4 లక్షల మిషన్ కొన్నారని రాసేస్తారు. రాయకూడదు. బావిలో నీళ్లు పొద్దున ఎంతున్నాయో, సాయంత్రం ఎంతున్నాయో కట్టెతో కొలిస్తే తేడా తెలుస్తుంది గానీ, మధ్యలో ఎంత ఊరిందో ఎంత తోడారో తెలియదు కదా. పట్టీ కూడా అంతే, రెండు తేదీల మట్టం చెబుతుంది. మధ్యలో జరిగింది కావాలంటే యంత్రాల ఖాతా మళ్లీ వేయాల్సిందే. మొదట 20 ఉంది. తరుగుదల 3 పోయింది, అమ్మిన మిషన్ 1 పోయింది, 16 మిగలాలి. చివర మాత్రం 24 ఉంది. అంటే కొన్నది 8 లక్షలు. నాలుగు కాదు, ఎనిమిది! లోను దగ్గరా ఇదే చిక్కు. 10 నుంచి 13కు పెరిగింది కాబట్టి 3 వచ్చిందని ఒక్క ముక్కలో రాస్తే మొత్తం చెడిపోదు గానీ, 5 రావడం, 2 కట్టడం రెండూ వేర్వేరుగా చూపించాలి. బ్యాంకువాడికి తెలియాల్సింది కట్టిన ఆ 2 గురించే.

ఇక మూడు భాగాలుగా రాద్దాం. మొదటిది వ్యాపారం నడపడంలో వచ్చిన నగదు, అంటే నిర్వహణ కార్యకలాపాలు. లాభం 9తో మొదలుపెట్టండి. తరుగుదల 3 కూడాలి, ఎందుకంటే అది పుస్తకంలో రాసిన ఖర్చే గానీ ఆ పేరుతో ఈ ఏడాది ఎవరికీ చెక్కు ఇవ్వలేదు. ఇక్కడ ఒక మాట. తరుగుదల వల్ల డబ్బు వస్తుందని కొందరు అనుకుంటారు. రాదు. లాభంలోంచి తీసిన దాన్ని తిరిగి పెడుతున్నాం, అంతే. మిషన్ అమ్మిన లాభం అర లక్ష తీసేయాలి. ఆ అమ్మకం డబ్బు లక్షన్నరా పూర్తిగా రెండో భాగంలో చూపిస్తాం, ఇక్కడా ఉంచితే అర లక్ష రెండుసార్లు లెక్కకొస్తుంది. వడ్డీ 1 ఇక్కడ కూడేసి మూడో భాగంలో తీస్తాం. బ్యాంకుల్లాంటి ఫైనాన్స్ సంస్థలు కాని వ్యాపారాలకు మన అకౌంటింగ్ స్టాండర్డ్ 3 అలాగే చెప్పింది. ఇప్పటికి పన్నెండున్నర. ఇందులోంచి బాకీల 6, సరుకు 3 తీసి, ఇవ్వవలసిన 1 కలిపితే నాలుగున్నర లక్షలు. యజమాని ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరికింది. 9 లక్షల లాభంలో సగమే చేతికందింది.

రెండోది పెట్టుబడి. మిషన్ కొనడానికి 8 పోయాయి, పాతది అమ్మితే లక్షన్నర వచ్చింది. నికరంగా ఆరున్నర బయటికి. మూడోది ఫైనాన్సింగ్. లోను 5 వచ్చింది, వాయిదాలు 2, వడ్డీ 1, సొంతవాడకం 3 పోయాయి. నికరంగా 1 బయటికి. ఇప్పుడు నాలుగున్నర రాక, ఆరున్నర పోక, ఒకటి పోక. మొత్తం మీద 3 లక్షలు తగ్గింది. నగదు 4 నుంచి 1కి దిగింది కదా, సరిగ్గా అంతే.

సరిపోకపోతే ఏం చేయాలి? రబ్బరు తీసుకుని అంతా చెరిపేయకండి. తేడా ఎంత వచ్చిందో చూడండి, తప్పు ఎక్కడుందో చాలాసార్లు అదే చెబుతుంది. యంత్రాలకు 8 బదులు 4 రాశారనుకోండి, నగదు 3 తగ్గాల్సింది 1 పెరుగుతుంది. తేడా 4. ఆ 4 అంటే తరుగుదల 3, అమ్మిన మిషన్ విలువ 1 కలిపినదే. తేడా అర లక్ష వస్తే మిషన్ లాభం తీయడం మరిచారన్నమాట. బాకీల 6ను తీయాల్సింది పోయి కూడితే తేడా 6 రాదు, 12 వస్తుంది. కూడిక, తీసివేత తారుమారైతే తేడా ఎప్పుడూ రెట్టింపు వస్తుంది. కాబట్టి తేడాను సగం చేసి, ఆ అంకె మీరు రాసిన స్టేట్‌మెంట్‌లో ఎక్కడైనా ఉందేమో వెతకండి. నా వరకైతే సూత్రాలు వల్లె వేయించడం కన్నా పిల్లలకు ఇది నేర్పడమే మేలనిపిస్తుంది.

అయితే సరిపోయినంత మాత్రాన లెక్క సరైనదని కాదు, ఇది గట్టిగా పట్టుకోండి. ఇవ్వవలసిన 7 లక్షల్లో 1 లక్ష కొత్త మిషన్ అమ్మినవాడికి ఇవ్వాల్సిందనుకుందాం. అప్పుడు అది గనివాడి బాకీ కాదు, వ్యాపారం నడపడానికి సంబంధించినదే కాదు. 8 లక్షల మిషన్‌కు ఈ ఏడాది నిజంగా కట్టింది 7 మాత్రమే. గని, డీజిల్ బాకీలు 6 నుంచి 6గానే ఉన్నాయి. నిర్వహణ నగదు నాలుగున్నర కాదు, మూడున్నర. పెట్టుబడి పోక ఆరున్నర కాదు, అయిదున్నర. మొత్తం మాత్రం అదే 3 తగ్గుదల! ముందు రాసిన లెక్కా సరిపోయింది, ఇదీ సరిపోయింది. అందుకే ఇవ్వవలసిన బాకీల జాబితాలో పేరుపేరునా ఎవరికి ఎందుకో చూసుకోవాలి. ఆ పని పట్టీ చేసిపెట్టదు.

మా కాలంలో ఈ స్టేట్‌మెంట్ లేదు, ఫండ్స్ ఫ్లో అని నేర్చుకునేవాళ్లం. అకౌంటింగ్ స్టాండర్డ్ 3 మొదట 1981లో వచ్చింది, దాన్ని 1997లో నగదు ప్రవాహానికి మార్చారు. ఇప్పుడు 2013 కంపెనీల చట్టం ప్రకారం ఆర్థిక నివేదికల్లో ఇదీ ఒక భాగం. చిన్న కంపెనీలకు, ఒక్కడే వాటాదారుగా ఉండే కంపెనీలకు మినహాయింపు ఉంది. మన పాలిష్ ఫ్యాక్టరీలాంటి సొంత వ్యాపారానికైతే చట్టం అడగనే అడగదు. యజమాని తన కోసం వేసుకోవాల్సిందే. స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీలు మాత్రం నేను చెప్పినట్టు లాభంతో మొదలుపెట్టే పరోక్ష పద్ధతిలోనే వేయాలని సెబీ నిబంధన.

మరి ఇంత లెక్కా చివరికి ఏ అంకెతో సరిపోల్చుకున్నాం? పట్టీలో ఉన్న నగదుతో. ఆ అంకే అబద్ధమైతే? హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ సంగతి విన్నారు కదా. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో, అంతకుముందు సెప్టెంబరు 30 నాటి పట్టీలో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని ఒప్పుకున్నాడు. లేని లాభాన్ని రాస్తే పట్టీలో దాని ఎదురుగా ఏదో ఒక ఆస్తి ఉండాలి. అక్కడ నగదునే ఆ ఆస్తిగా చూపించారు. లాభమూ పెరిగింది, నగదూ పెరిగింది, కాబట్టి మనం ఇప్పుడు వేసిన పద్ధతిలో ఆ రెంటికీ తేడా రాదు. దాన్ని పట్టాలంటే పట్టీ నుంచి పట్టీకి లెక్క వేస్తే చాలదు. మార్చి 31న నిల్వ ఎంతుందో బ్యాంకు నేరుగా ఆడిటర్‌కు రాసి పంపాలి, కంపెనీ చేతుల మీదుగా వచ్చిన కాగితం పనికిరాదు. మన ఫ్యాక్టరీ విషయంలోనూ అంతే, ఆ చివరి 1 లక్ష పక్కన టిక్కు పెట్టే ముందు బ్యాంకు స్టేట్‌మెంట్ తెప్పించుకోండి. ఇచ్చి ఇంకా జమకాని చెక్కులు ఏమైనా ఉంటే వాటి తేడా రాసుకుని, అప్పుడు పెట్టండి.