సెక్షన్‌లో ఎన్నో ర్యాంకు?

ప్రోగ్రెస్ కార్డు ఇంటికి రాగానే అమ్మానాన్నల కళ్లు మార్కుల కంటే ముందు ర్యాంకు మీదికే పోతాయి. అక్కడ ఒక్కోసారి విడ్డూరం కనబడుతుంది. పాప చదివే సెక్షన్‌లో ఉన్నది నలభై మందే, కార్డులో మాత్రం 57వ ర్యాంకు. ‘ఇదేంటి మాస్టారూ’ అని అడిగితే, ‘అది రెండు సెక్షన్లూ కలిపి వేసిన ర్యాంకండీ, కంప్యూటర్ అలాగే ఇచ్చింది’ అంటారు. కంప్యూటర్ తప్పేమీ చేయలేదు. అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పింది. ప్రశ్నే వేరుగా అడగాల్సింది.

చాలా బళ్లలో మార్కుల పట్టిక ఎక్సెల్‌లో ఉంటుంది. తరగతి మొత్తం ఒకే షీట్‌లో, ఒక కాలమ్‌లో పేర్లు, పక్కన సెక్షన్, ఆపైన మార్కులు. అందులో ర్యాంకుకంటూ RANK అనే ఫంక్షన్ ఎప్పటినుంచో ఉంది. దానికి రెండు సంగతులు చెబితే చాలు: ఎవరి మార్కు, ఏ మార్కుల మధ్య. 2010 ఎక్సెల్‌లో దానికి RANK.EQ, RANK.AVG అని రెండు కొత్త పేర్లు వచ్చాయి. సమాన మార్కులు వచ్చినప్పుడు ఏం చేయాలన్న దగ్గరే ఆ రెండింటికీ తేడా. సెక్షన్ సంగతి పాతదానికీ తెలియదు, కొత్తవాటికీ తెలియదు.

కిటుకంతా ఆ రెండో సంగతి దగ్గరే ఉంది. ‘ఈ మార్కుల మధ్య’ అన్నచోట RANK షీట్‌లో నిజంగా ఉన్న సెల్స్‌నే తీసుకుంటుంది. ‘వీటిలో A సెక్షన్ వాళ్లవి మాత్రమే’ అని షరతు పెట్టడానికి దానిలో చోటు లేదు. పోనీ IF తోనో, కొత్త ఎక్సెల్‌లోని FILTER తోనో A వాళ్ల మార్కులు ఏరి దాని చేతికిద్దామంటే, ఆ ఏరిన జాబితా సెల్స్ కాదు కాబట్టి ఒప్పుకోదు. అందుకే చాలామంది షీట్‌ను సెక్షన్ వారీగా సార్ట్ చేసి, A కి ఒక RANK, B కి ఇంకో RANK రాసుకుంటారు. పని జరుగుతుంది. కానీ మధ్యలో ఒక కొత్త అడ్మిషన్ వచ్చినా, ఎవరైనా పేర్ల వరుసలో మళ్లీ సార్ట్ చేసినా A పిల్లలు B లెక్కలోకి జారుకుంటారు. ఎర్రర్ ఏదీ రాదు, తప్పు అంకె మాత్రం వస్తుంది.

ర్యాంకు అంటే ఏమిటో ఒక్కసారి ఆలోచిస్తే దారి దొరుకుతుంది. నాకంటే ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లు ఎంతమందో లెక్కపెట్టి, దానికి ఒకటి కలిపితే అదే నా ర్యాంకు. ముందు ఎవరూ లేకపోతే సున్నాకు ఒకటి కలిపి ఫస్టు. ఇద్దరుంటే మూడు. అంటే ర్యాంకు వేయడం లెక్కపెట్టడమే. షరతులు పెట్టి లెక్కపెట్టడానికి ఎక్సెల్‌లో 2007 నుంచి COUNTIFS ఉంది. ఒకటి కాదు, ఎన్ని షరతులైనా పెట్టుకోవచ్చు.

ఎనిమిది మంది పిల్లలతో చేసి చూద్దాం. పేర్లూ మార్కులూ కల్పితం. మొత్తం 600కు.

```
   A         B        C      D
1  పేరు       సెక్షన్    గణితం   మొత్తం
2  అనూష      A        91     512
3  భాస్కర్     B        78     487
4  చందన      A        84     498
5  దుర్గ       B        96     540
6  ఇమ్రాన్     A        95     531
7  గౌతమి      B        88     487
8  హరీష్      A        72     498
9  కీర్తి       B        69     455
```

E కాలమ్‌ను పాస్, ఫెయిల్ కోసం ఉంచి, ర్యాంకును F లో వేద్దాం. F2 లో ఇది టైపు చేసి కిందికి లాగాలి.

```
=COUNTIFS($B$2:$B$9,B2,$D$2:$D$9,">"&D2)+1
```

చదవడానికి జడిపించినా ఇది చెప్పేది మామూలు మాటే: ‘సెక్షన్ కాలమ్‌లో నా సెక్షనే ఉండి, మొత్తం కాలమ్‌లో నా మొత్తం కంటే ఎక్కువ ఉన్నవాళ్లను లెక్కపెట్టు, ఒకటి కలుపు.’ చందన దగ్గర చూడండి. ఆమెకు 498. A సెక్షన్‌లో అంతకంటే ఎక్కువ వచ్చింది ఇమ్రాన్‌కు 531, అనూషకు 512. ఇద్దరు, ప్లస్ ఒకటి, మూడు. దుర్గకు 540 వచ్చినా ఆమె B కాబట్టి ఈ లెక్కలోకి రాదు. RANK అయితే దుర్గను కూడా కలిపి చందనకు నాలుగు ఇచ్చేది. సెక్షన్లు కలగాపులగంగా ఉన్నా, తర్వాత ఎలా సార్ట్ చేసినా జవాబు మారదు.

ఈ చిన్న ఫార్ములాలో చేయి తడబడే చోట్లు రెండు. మొదటిది డాలరు గుర్తు. అది లేకపోతే ఫార్ములాను కిందికి లాగేకొద్దీ పరిధి కూడా కిందికి జారుతుంది. చివరి వరుసకు వచ్చేసరికి ఆ పిల్ల తప్ప లెక్కలో ఇంకెవరూ మిగలరు. అందుకే జాబితాలో అడుగున ఉన్న కీర్తికి 455 మార్కులకు ఫస్టు ర్యాంకు వస్తుంది. రెండోది ఆ కొటేషన్ గుర్తులు. పెద్దది అనే గుర్తు మాత్రమే కొటేషన్లలో ఉండాలి, D2 బయట ఉండాలి, రెండింటినీ & కలపాలి. అంతా కలిపి ">D2" అని రాస్తే ఎక్సెల్ D2 ను సెల్ అనుకోదు, రెండక్షరాల మాట అనుకుంటుంది. అలాంటి మాట కంటే పెద్దది మొత్తం కాలమ్‌లో ఏదీ దొరకదు కనుక బడిలో అందరూ ఫస్టే.

ఇప్పుడు అసలు పేచీ. చందనకూ హరీష్‌కూ 498. ఇద్దరికీ మూడో ర్యాంకు వస్తుంది. B లో భాస్కర్, గౌతమి ఇద్దరికీ రెండు, ఆ తర్వాత కీర్తికి నేరుగా నాలుగు. RANK కూడా ఇలాగే చేస్తుంది. ఇందులో అన్యాయమేమీ లేదని నా ఉద్దేశం, కీర్తి ముందు నిజంగానే ముగ్గురున్నారు. అయితే కొన్ని బళ్లలో ర్యాంకు పంచుకోవడం ఒప్పుకోరు, గణితంలో ఎవరికి ఎక్కువో చూస్తారు. అప్పుడు ఇంకో లెక్క కలపాలి.

```
=COUNTIFS($B$2:$B$9,B2,$D$2:$D$9,">"&D2)
+COUNTIFS($B$2:$B$9,B2,$D$2:$D$9,D2,$C$2:$C$9,">"&C2)+1
```

మొదటి ముక్క పాతదే. రెండోది ‘నా సెక్షనే, నా మొత్తమే, కానీ గణితంలో నాకంటే ఎక్కువ’ అన్నవాళ్లను వెతుకుతుంది. చందనకు గణితంలో 84, హరీష్‌కు 72. కాబట్టి చందన మూడులోనే ఉంటుంది, హరీష్ నాలుగుకు దిగుతాడు. B లో గౌతమి రెండు, భాస్కర్ మూడు. గణితం కూడా సమానమైతే ర్యాంకు పంచుకోక తప్పదు. లేదంటే మూడో సబ్జెక్టు తేవాలి. ఎక్కడో ఒకచోట ఆగడమే మంచిది.

ఏదో ఒక సబ్జెక్టు తప్పినవాళ్లకు ర్యాంకు ఇవ్వకపోవడం మరో పద్ధతి. మొత్తం 500 దాటినా ఒకదాంట్లో ఫెయిలైతే ర్యాంకు గడి ఖాళీగానే ఉండాలి. అంతేకాదు, ఆ పిల్లవాడు మిగతావాళ్ల ర్యాంకును కిందికి నెట్టకూడదు కూడా. ఈ రెండో సంగతే చాలామంది మరచిపోయేది. E కాలమ్‌లో పాసైనవారికి P అని ఉంటే ఫార్ములా ఇది.

```
=IF(E2="P",COUNTIFS($B$2:$B$9,B2,$E$2:$E$9,"P",$D$2:$D$9,">"&D2)+1,"")
```

పరీక్ష రాయని పిల్లల గొడవ కూడా దీనితో తీరుతుంది. మొత్తం గడిలో AB అని టైపు చేసి మొదటి ఫార్ములానే వాడారనుకోండి. ఎక్సెల్ ఆ కాలమ్‌లో AB కంటే ‘పెద్ద’ మాట కోసం వెతుకుతుంది. మిగతావన్నీ అంకెలే కాబట్టి ఏమీ దొరకదు. సున్నాకు ఒకటి కలుస్తుంది. పరీక్షకే రాని అబ్బాయికి ఫస్టు ర్యాంకు కార్డు అచ్చవుతుంది. E లో P ఉంటేనే ర్యాంకు అంటే ఈ చిక్కు రాదు.

ఫార్ములా సరిగ్గా ఉన్నా షీట్‌లోని సరుకు బాగోకపోతే లెక్క తప్పుతుంది. సెక్షన్ గడిలో A తర్వాత ఎవరో స్పేస్ బార్ నొక్కారనుకోండి. కంటికి రెండూ ఒకటే, COUNTIFS కు మాత్రం అది వేరే సెక్షన్. ఆ పిల్ల ఒక్కతే ఉన్న సెక్షన్‌లో ఆమెకు ఎప్పుడూ ఫస్టే. పెద్ద A, చిన్న a తేడాతో మాత్రం దానికి పనిలేదు. స్పేస్ వదిలించడానికి TRIM ఉంది.

ఇంకో దొంగ, అంకెలా కనబడే అక్షరాలు. మొత్తాలను ఇంకెక్కడి నుంచో కాపీ చేసి అతికించినప్పుడు ఇమ్రాన్ 531 ఒక్కోసారి టెక్స్ట్‌గా దిగుతుంది. అతని ర్యాంకు ఒకటిగానే వస్తుంది. కానీ అనూష తనకంటే పెద్ద అంకెల కోసం వెతికినప్పుడు ఆ 531 అంకెగా లెక్కలోకి రాదు, ఆమెకూ ఒకటే వస్తుంది. ఒకే సెక్షన్‌లో 531కీ, 512కీ ఫస్టు ర్యాంకు కనబడితే ముందు ఈ అనుమానమే రావాలి. అలాంటి అంకె గడిలో ఎడమవైపుకు అంటుకుని ఉంటుంది, మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం కూడా ఉండొచ్చు. కాలమ్ ఎంచుకుని డేటా మెనూలో Text to Columns నొక్కి, వెంటనే Finish అంటే మామూలు అంకె అయిపోతుంది.

ర్యాంకును శాతాలతో కాకుండా మొత్తం మార్కులతో వేయడం మేలు. 512ను ఆరుతో భాగిస్తే 85.333 అంటూ తెగని దశాంశం వస్తుంది. దాన్ని షరతులో కలిపేటప్పుడు ఎక్సెల్ 15 అంకెల దగ్గర కోసేస్తుంది. దాంతో సెల్‌లోని అసలు విలువ కోసిన విలువ కంటే వెంట్రుకవాసి పెద్దదై, ఆ పిల్ల తనకంటే తనే ఎక్కువని లెక్కలోకి రావచ్చు. ఫస్టు వచ్చిన అమ్మాయికి రెండో ర్యాంకు, ఒకటో ర్యాంకు ఎవరికీ లేదు. శాతాలే కావాలంటే ముందు ROUND తో రెండు దశాంశాలకు సరిచేసుకోవాలి.

ఇదే ఫార్ములా గూగుల్ షీట్స్‌లోనూ పనిచేస్తుంది. సెక్షన్ బదులు జిల్లా పెట్టినా, షాపు బ్రాంచి పెట్టినా పద్ధతి అదే. పరుగు పందెంలా తక్కువ సమయం వచ్చినవాడు ముందుండాలంటే గుర్తును ">" నుంచి "<" కు తిప్పితే సరి.

కార్డులు అచ్చుకిచ్చే ముందు రెండు పరీక్షలు చేయండి. ప్రతి సెక్షన్‌లో ఫస్టు ర్యాంకులు ఎన్ని ఉన్నాయో చూడండి. ఒకటికి మించి ఉంటే ఆ పిల్లల మార్కులు నిజంగా సమానమేనా అని, ఒక్కటీ లేకపోతే శాతాలతో ర్యాంకు వేశారేమో అని చూడాలి. COUNTIFS తోనే ఒక్కో సెక్షన్‌లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి హాజరు పట్టీతో సరిపోల్చండి. రెండూ కుదిరాక, కార్డు మీద ఉత్త ‘ర్యాంకు’ అని కాకుండా ‘సెక్షన్ ర్యాంకు’ అని అచ్చు వేయించండి.