లండన్ డిక్రీ ఇక్కడెందుకు చెల్లలేదు?

ఉన్ని సరుకు బాకీ కింద ఒక భారతీయ మిల్లు డబ్బు కట్టాలని లండన్ కోర్టు డిక్రీ ఇచ్చింది. మిల్లు తరఫున అక్కడ ఎవరూ హాజరు కాలేదు. ఆ డిక్రీ అమలు కోసం బ్రిటిష్ కంపెనీ మన కోర్టుకు వచ్చింది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇదే 2001 నాటి ఇంటర్నేషనల్ ఊలెన్ మిల్స్ కేసు.

బ్రిటన్ వంటి గుర్తింపు పొందిన దేశమైతే డిక్రీ సర్టిఫైడ్ కాపీ, ఎంత వసూలైందో తెలిపే ధ్రువపత్రం జిల్లా కోర్టులో ఇస్తే చాలు. యూఏఈ 2020లో ఆ జాబితాలో చేరింది. అమెరికా అందులో లేదు, కాబట్టి ఆ తీర్పు ఆధారంగా మూడేళ్లలోపు కొత్త దావా వేయాలి.

సర్టిఫైడ్ కాపీ చూపితే విదేశీ కోర్టుకు అధికార పరిధి ఉందనే భావిస్తారు. లేదని నిరూపించాల్సింది బాకీదారే. అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్ ప్రకారం తీర్పు సాక్ష్యాధారాల మంచిచెడ్డలు తేల్చి ఇచ్చినదై ఉండాలి. మోసంతో తెచ్చినదీ, ప్రతివాదికి వాదించే అవకాశం ఇవ్వనిదీ చెల్లవు.

లండన్ డిక్రీలో మొత్తమే ఉంది, కారణాలు లేవు. ఆధారాలు పరిశీలించిన జాడ కూడా లేదు. అందుకే అది ఇక్కడ అమలు కాదని సుప్రీంకోర్టు తేల్చింది. ఎదుటి పక్షం రాకపోయినా, విదేశంలో దావా వేసినవారు అక్కడే సాక్ష్యం రికార్డు చేయించి, కారణాలతో తీర్పు రాయించుకోవాలి.